విరిగిన కస్టర్డ్, ఉండకట్టిన పేస్ట్రీ క్రీమ్

మన ఇళ్ళలో కస్టర్డ్ అంటే డబ్బాలో వచ్చే పొడి. చల్లటి పాలలో ఆ పొడి కలిపి, మరుగుతున్న పాలలో పోసి, రెండు పొంగులు రానిచ్చి దించుతాం. చల్లారాక అరటిపండు, ద్రాక్ష, దానిమ్మ గింజలు వేస్తే ఫ్రూట్ కస్టర్డ్ తయారు. అందులో గుడ్డు ఉండదు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే కెమిస్టు, తన భార్యకు గుడ్డు పడకపోవడంతో, 1837లో కార్న్‌ఫ్లోర్‌తో ఈ పొడిని తయారుచేశాడు. అది ఎంత మరిగినా విరగదు. విరగడానికి అందులో గుడ్డు లేదు కదా.

చిక్కల్లా ఈ అలవాటుతోనే గుడ్డు కస్టర్డ్ మొదలుపెట్టినప్పుడు వస్తుంది. పొడి కస్టర్డ్‌లాగే దీన్నీ ఒక పొంగు రానిద్దాం అనుకుంటాం. పొంగు రాకముందే గిన్నెలో పచ్చటి పలుకులు, వాటి చుట్టూ పలచటి నీళ్ళు కనిపిస్తాయి. దాంతో భయపడి, తర్వాతెప్పుడో ఎక్లేర్లలో నింపడానికి పేస్ట్రీ క్రీమ్ చేసేటప్పుడు అది కాస్త చిక్కబడగానే దించేస్తాం. ఆ పూటకు బాగానే ఉంటుంది. మర్నాడు ఫ్రిజ్‌లోంచి తీసి చూస్తే జారిపోతూ ఉంటుంది, లేదా నోట్లో పచ్చిపిండి రుచి తగులుతుంది. మొదటిసారి వేడి ఎక్కువైంది, రెండోసారి తక్కువైంది. రెండింటిలోనూ పాలు, పచ్చసొన, పంచదారే ఉన్నాయి. తేడా పిండి దగ్గర ఉంది. పిండి లేని గుడ్డు కస్టర్డ్ మరగకూడదు, పిండి కలిసినది మరిగి తీరాలి. ఈ ఒక్కటి అర్థమైతే వంటపుస్తకాల్లో ఒకదానికొకటి పొసగనట్టు కనిపించే సూచనలు చాలావరకు సర్దుకుంటాయి.

పిండి లేని కస్టర్డ్ ఎందుకు విరుగుతుంది

పిండి లేకుండా చేసే పలచటి కస్టర్డ్‌ను ఫ్రెంచివాళ్ళు క్రెమ్ ఆంగ్లేజ్ అంటారు. కేకు మీదో పుడ్డింగు మీదో పోసుకునే సాస్ ఇది. ఇంట్లో మంచి ఐస్‌క్రీమ్ చేయాలన్నా ఇదే మూలం. అరలీటరు పాలు, 5 పచ్చసొనలు, 80 గ్రాముల పంచదార, కొంచెం వెనిల్లా, అంతే. దీన్ని చిక్కబరిచేది గుడ్డులోని ప్రొటీన్లు ఒక్కటే.

పచ్చి గుడ్డులో ఈ ప్రొటీన్లు ముడుచుకుని విడివిడిగా ఉంటాయి. వేడి తగిలేకొద్దీ విప్పుకుంటాయి, ఒకదాన్నొకటి అక్కడక్కడా పట్టుకుంటాయి. అలా ఏర్పడిన వదులైన అల్లికలో పాలలోని నీరు చిక్కుకుని ఉండటమే చిక్కదనం. వేడి ఇంకా పెరిగితే పట్టు బిగుస్తుంది. అల్లిక కుంచించుకుపోయి గడ్డలవుతుంది, అందులోని నీరు బయటికి వచ్చేస్తుంది. మనం విరిగింది అనేది ఈ స్థితినే.

ఉత్త పచ్చసొన 65 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ మధ్యే గట్టిపడుతుంది. పాలు కలిసినప్పుడు ప్రొటీన్లు దూరందూరంగా ఉంటాయి, పంచదార వాటి కలయికను ఇంకొంత ఆలస్యం చేస్తుంది. అందుకే ఈ కస్టర్డ్ సుమారు 78 డిగ్రీల దగ్గర చిక్కబడటం మొదలై, 82 దగ్గర చక్కగా కుదురుతుంది. 85 దాటితే విరిగే ప్రమాదంలో పడ్డట్టే. అంటే మన చేతిలో ఉన్నది అయిదారు డిగ్రీల వెసులుబాటు మాత్రమే. మంట పెద్దదైతే ఆ అయిదారు డిగ్రీలు దాటడానికి అర నిమిషం కూడా పట్టదు. ఇంకో మాట, 82 దగ్గర స్టవ్ ఆపేసినా దళసరి అడుగున్న గిన్నెలో దాచుకున్న వేడి కస్టర్డ్‌ను ఇంకా ఉడికిస్తూనే ఉంటుంది. స్టవ్ మీద బాగానే ఉండి, కట్టేశాక గిన్నెలో విరిగిన కస్టర్డ్‌లన్నీ ఇలా పోయినవే. అందుకే జల్లెడ, దాని కింద ఖాళీ గిన్నె, ఆ గిన్నె కింద ఐసునీళ్ళ పళ్ళెం, ఈ మూడూ స్టవ్ వెలిగించకముందే సిద్ధంగా ఉండాలి.

ధర్మామీటరు ఉంటే పని తేలిక. వంటకు వాడే డిజిటల్ ధర్మామీటరు ఇప్పుడు పెద్ద ఖరీదేమీ కాదు, కేకులకు కొనే రకరకాల అచ్చులకంటే అది కొనడం మేలని నా అభిప్రాయం. లేకపోతే కళ్ళతో చూడాలి. గిలక్కొట్టినప్పుడు పైన తేలిన నురుగు మెల్లగా మాయమవుతుంది. ఆవిరి నిలకడగా లేస్తుంది. చెక్క గరిటె ముంచి తీసి, దాని వెనకవైపు వేలితో ఒక గీత గీస్తే ఆ గీత చెరగకుండా నిలవాలి. నిలిచిందంటే దించే సమయమైంది. గిన్నె అంచున తొలి బుడగ కనిపించేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం.

విరిగితే ఏం చేయాలి

ముందుగా విరిగింది కస్టర్డా, పాలా అన్నది తేల్చుకోవాలి. పాలు పాతబడి పులుపెక్కి ఉంటే వేడిచేయగానే అవే విరుగుతాయి. తెల్లటి ముక్కలు, పసుపుపచ్చ ఛాయ నీళ్ళు కనిపిస్తాయి, పుల్లటి వాసన వస్తుంది. దాన్ని బాగుచేసే మార్గం లేదు. గుడ్డు కలపకముందే పాలను విడిగా ఒకసారి మరిగించి చూసుకుంటే ఈ అనుమానమే రాదు.

విరిగింది గుడ్డే అయితే, ఎంతవరకు విరిగిందన్నదాన్ని బట్టి చికిత్స ఉంటుంది. గరిటె వెనక సన్నటి రవ్వలాంటి పలుకులు తగులుతూ, సాస్ మాత్రం ఇంకా చిక్కగానే ఉంటే మొదటి దశ. అప్పుడు ఆలోచిస్తూ నిలబడకూడదు. గిన్నెను స్టవ్ మీదే వదిలి మంట తగ్గిస్తే చాలదు. వెంటనే మొత్తం ఇంకో చల్లటి గిన్నెలోకి వంపేయాలి. ఒక పావు కప్పు చల్లటి పాలు పోసి, ఆ గిన్నెను ఐసునీళ్ళలో పెట్టి, ఒక నిమిషం గట్టిగా గిలక్కొట్టాలి. పాత గిన్నె అడుగున అతుక్కున్నదాన్ని గీకి కలపకండి, ఎక్కువ ఉడికినది అదే. తర్వాత సన్నటి జల్లెడలో వడకడితే చాలాసార్లు అక్కడితోనే దారికొస్తుంది.

పలుకులు పెద్దవై, వాటి మధ్య పలచటి ద్రవం విడిగా కనిపిస్తుంటే రెండో దశ. దీనికి మిక్సీ కావాలి. హ్యాండ్ బ్లెండర్ ఉంటే గిన్నెలోనే పెట్టి 15, 20 సెకన్లు తిప్పవచ్చు. మిక్సీ జార్ అయితే జాగ్రత్త, మరీ వేడి ద్రవం పోసి మూత బిగించి తిప్పితే ఆవిరి మూతను ఎగదన్ని చేతులు కాలతాయి. గోరువెచ్చనయ్యేదాకా చల్లార్చి, జార్‌లో సగానికి మించకుండా పోసి, మూత మీద మడతపెట్టిన బట్ట అదిమిపట్టి, ఒక్కో విడత కొద్ది సెకన్లు మాత్రమే తిప్పాలి. తర్వాత వడకట్టాలి. పైన నురుగు తేలుతుంది, ఫ్రిజ్‌లో ఓ గంట ఉంటే అణుగుతుంది.

మిక్సీ చేసేదేమిటో తెలిస్తే దానినుంచి ఎంత ఆశించవచ్చో తెలుస్తుంది. ఉడికిన గుడ్డును అది మళ్ళీ పచ్చిగా మార్చలేదు. బిగుసుకున్న గడ్డలను నాలుకకు తెలియనంత సన్నగా ముక్కలు చేస్తుంది, అంతే. నీటిని పట్టి ఉంచే అల్లిక మాత్రం తిరిగి రాదు. అందుకే మిక్సీతో బతికించిన కస్టర్డ్ నున్నగా ఉంటుంది గానీ, మొదట అనుకున్నంత చిక్కగా ఉండదు. ఐస్‌క్రీమ్ చేయడానికైతే ఈ తేడా దాదాపు తెలియదు, చిలికి గడ్డకట్టించేస్తాం కాబట్టి. కేకు మీద పోసుకోవాలంటే కొంత చిక్కదనం అరువు తెచ్చుకోవాలి. 10 గ్రాముల కార్న్‌ఫ్లోర్‌ను కొంచెం చల్లటి పాలలో కలిపి అందులో పోసి, ఆపకుండా తిప్పుతూ ఒక నిమిషం ఉడికించండి. అప్పుడది క్రెమ్ ఆంగ్లేజ్ కాదు, పలచటి పేస్ట్రీ క్రీమ్. పేరు మారినా తినేవాళ్ళు మిగల్చరు.

మూడో దశలో గుడ్డు పొరటులాంటి ముక్కలు, గంధకం వాసన ఉంటాయి. ఆ వాసనను మిక్సీ తీయలేదు, వెనిల్లా కప్పలేదు. అయిదు పచ్చసొనలు పోయాయని బాధగానే ఉంటుంది, కానీ దాన్ని కాపాడే ప్రయత్నంలో ఇంకో అరలీటరు పాలు, వెన్న పోసి వాటినీ పాడుచేసుకోవడం తెలివైన పని కాదు.

గిన్నెలో ఆవిరి పట్టి గడ్డకట్టించే క్యారమెల్ కస్టర్డ్‌కు ఈ చికిత్సలేవీ పనికిరావు. కోస్తే లోపల తేనెపట్టులా కన్నాలు, చుట్టూ నీరు కనిపిస్తే వేడి ఎక్కువైందని అర్థం. తినడానికి ఇబ్బందేమీ లేదు, నునుపు మాత్రం రాదు.

పిండి కలిస్తే లెక్క ఎందుకు మారుతుంది

మజ్జిగ పులుసు చేసేవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. ఉత్త మజ్జిగను మరిగిస్తే విరిగిపోతుంది. శనగపిండి కలిపి పెడితే ఉడికినా విరగదు. పేస్ట్రీ క్రీమ్‌లో కార్న్‌ఫ్లోర్ చేసే పని ఇదే. వేడికి పిండి రేణువులు నీరు పీల్చి ఉబ్బుతాయి, ద్రవమంతా చిక్కబడుతుంది. ఆ చిక్కదనంలో గుడ్డు ప్రొటీన్లు తేలిగ్గా కదలలేవు, ఒకదాన్నొకటి వెతుక్కుని గడ్డకట్టలేవు. దాంతో 85 డిగ్రీల హద్దు చెరిగిపోతుంది. తగినంత పిండి ఉన్న పేస్ట్రీ క్రీమ్‌ను బుడగలు వచ్చేదాకా నిశ్చింతగా మరిగించవచ్చు.

మరిగించవచ్చు అనడం కూడా చాలదు, మరిగించాలి. దానికి రెండు కారణాలున్నాయి. కార్న్‌ఫ్లోర్ 65, 70 డిగ్రీల దగ్గరే చిక్కబడటం మొదలుపెట్టినా, పూర్తిగా ఉబ్బి పచ్చివాసన పోవడానికి 95 డిగ్రీల దాకా వెళ్ళాలి. ఇది మొదటిది. రెండో కారణం కంటికి కనపడదు. పచ్చసొనలో ఆల్ఫా ఎమిలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పిండిని ముక్కలు చేయడం దాని పని, మన ఉమ్మిలో ఉండే ఎంజైమ్ కూడా ఆ జాతిదే. ఇది వేడికి అంత తొందరగా చావదు. క్రీమ్‌ను చిక్కబడగానే దించేస్తే ఈ ఎంజైమ్ బతికే ఉండి, ఫ్రిజ్‌లో రాత్రంతా పిండి గొలుసులను తెంపుతూ కూర్చుంటుంది. గరిటె నిలబడేంత గట్టిగా పెట్టిన క్రీమ్ తెల్లారేసరికి పులుసులా మారిందంటే కారణం ఇదే. చాలామంది కార్న్‌ఫ్లోర్ తక్కువైందనుకుని తర్వాతిసారి ఇంకో రెండు చెంచాలు ఎక్కువ వేస్తారు. క్రీమ్ జిగటగా, పిండి రుచితో తయారవుతుంది, ఎంజైమ్ మాత్రం తన పని తాను చేస్తూనే ఉంటుంది. దానికి మందు పిండి కాదు, బుడగలు మొదలయ్యాక ఇంకో నిమిషమో రెండు నిమిషాలో మంట మీద ఉంచడం.

అరలీటరు పాలతో ఒక వాయి

అరలీటరు చిక్కటి పాలు, 100 గ్రాముల పంచదార, 5 పచ్చసొనలు, 40 గ్రాముల కార్న్‌ఫ్లోర్, 30 గ్రాముల వెన్న, చిటికెడు ఉప్పు, ఒక టీస్పూను వెనిల్లా తీసుకోండి. మన దగ్గర గుడ్లు చిన్నవి, ఒక్కో పచ్చసొన 15, 16 గ్రాములకు మించదు కాబట్టి అయిదు కావాలి. కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లగా, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉండే పిండి. పచ్చగా, కాస్త గరుకుగా ఉండే మొక్కజొన్న పిండి దీనికి పనికిరాదు. 40 గ్రాములంటే తలగొట్టిన 5 టేబుల్‌స్పూన్లు.

గిన్నె అడుగు మందంగా ఉండాలి. స్టీలుదైతే మంచిది, అల్యూమినియం గిన్నెలో తీగ కవ్వంతో గిలకొడితే క్రీమ్ బూడిదరంగుకు తిరగవచ్చు. అడుగు మూలలు గుండ్రంగా ఉంటే ఇంకా మంచిది, నిటారు మూలల్లోకి కవ్వం చేరదు. కాచిన పాలు వాడుతుంటే ముందు వడకట్టండి. పాల మీది మీగడ ముక్కలు క్రీమ్‌లో కలిసిపోయి, అచ్చం ఉండల్లాగే కనిపిస్తాయి. లేని తప్పుకు మిమ్మల్ని మీరు తిట్టుకోవాల్సి వస్తుంది.

పాలలో సగం పంచదార వేసి స్టవ్ మీద పెట్టండి. ఇంకో గిన్నెలో మిగతా పంచదార, కార్న్‌ఫ్లోర్ పొడిగా ఉండగానే బాగా కలపండి. పంచదార పలుకులు పిండి రేణువులను విడదీసి ఉంచుతాయి, అందువల్ల తడి తగిలినప్పుడు పిండి ముద్దకట్టదు. అందులో పచ్చసొనలు వేసి, రెండు చెంచాల చల్లటి పాలు పోసి, తెల్లబడేదాకా గిలక్కొట్టండి. పచ్చసొనల మీద పంచదార పోసి కలపకుండా వదిలేసి ఫోను చూస్తూ కూర్చోకూడదు. పంచదార తాకినచోట సొనలోని తడిని లాగేసి, గట్టి పచ్చటి పలుకులు చేస్తుంది. అవి తర్వాత కరగవు. తెల్లసొన తోకలాంటి దారం ఏదైనా మిగిలి ఉంటే ఏరేయండి, తెల్లసొన ముందుగా ఉడికి తెల్లటి ముక్కలవుతుంది.

పాలు పొంగుకు రాగానే దించండి. ఒక గరిటెడు పాలు సన్నటి ధారగా గుడ్డు మిశ్రమంలో పోస్తూ, రెండో చేత్తో ఆపకుండా గిలకొడుతూ ఉండండి. ఇంకో గరిటె, మరో గరిటె. సగం పాలు కలిశాక గుడ్డు మిశ్రమం వేడెక్కి ఉంటుంది. ఇప్పుడు దాన్నంతా పాలగిన్నెలోకి వడకట్టి, మధ్యస్థంగా ఉన్న మంట మీద పెట్టండి. వేడి పాలలోకి గుడ్డును ఒక్కసారిగా పోయడం వల్లే ఎక్కువమందికి గుడ్డు ముక్కలు తేలతాయి.

ఇక్కడినుంచి మూడు నాలుగు నిమిషాలు గిన్నె దగ్గరే ఉండాలి. మొదట ఏమీ జరగదు. తర్వాత ఉన్నట్టుండి కవ్వం కింద ముద్దలు ముద్దలుగా తగులుతుంది. అడుగున చిక్కబడుతూ, పైన ఇంకా పాలలాగే ఉంటుంది. చాలామంది కంగారుపడేది, స్టవ్ కట్టేసేది సరిగ్గా ఈ క్షణంలోనే. కట్టేయకండి. పాడైపోయిందనిపిస్తే గిన్నెను ఒక్క అర నిమిషం మంట మీదినుంచి పక్కకు జరిపి, అడుగు, అంచులు తగిలేలా గట్టిగా గిలకొట్టండి. ముద్దలు విడిపోయి నున్నటి క్రీమ్ అవుతుంది. మళ్ళీ మంట మీద పెట్టండి. అడుగున ముందు చిక్కబడటం తప్పు కాదు, వేడి అక్కడే ముందు తగులుతుంది కదా. తప్పల్లా దాన్ని కదపకుండా వదలడమే.

చిక్కగా ఉన్నప్పుడు బుడగలు నీళ్ళలో లాగా గబగబా రావు. ఒకటి నెమ్మదిగా లేచి, టప్పున పగిలి, ఆవిరి వదులుతుంది. గిలకొట్టడం ఒక్క క్షణం ఆపితేనే అది కనిపిస్తుంది. ఆ తొలి బుడగ నుంచి ఒకటిన్నర, రెండు నిమిషాలు లెక్కపెట్టుకుని, అంతసేపూ కలుపుతూనే ఉండండి. అప్పుడు దించి, వెన్న, వెనిల్లా, ఉప్పు వేసి కలిపి, ఇంకోసారి జల్లెడలో వడకట్టండి. నిమ్మరసం కావాలంటే వేయాల్సింది ఇప్పుడే. పులుపుతో కలిపి మరిగిస్తే పిండి గొలుసులు తెగి క్రీమ్ పలచబడుతుంది.

ఉండను వేళ్ళ మధ్య నలిపి చూడండి

ఇంత చేసినా ఉండలు వస్తే ఒకదాన్ని తీసి వేళ్ళ మధ్య నలపండి. లోపలినుంచి పొడి పిండి బయటపడితే అది కార్న్‌ఫ్లోర్ ఉండ. పొడిగా ఉన్న పిండి వేడి ద్రవంలో పడితే పైపొర తక్షణం ఉడికి జిగురవుతుంది, లోపలికి తడి పోదు. వీటిని జల్లెడ మీద గరిటెతో అదిమి గానీ, హ్యాండ్ బ్లెండర్‌తో గానీ చిదపవచ్చు. చిదిపాక మాత్రం క్రీమ్‌ను మళ్ళీ స్టవ్ మీద పెట్టి ఒక నిమిషం మరిగించాలి. ఉండ లోపల దాగిన పిండి ఇంకా పచ్చిదే. చాలామంది వడకట్టి ఊరుకుంటారు. అలా వడకట్టి పారేసింది చిక్కబరచాల్సిన పిండే కాబట్టి క్రీమ్ పలచగా మిగులుతుంది.

నలిపితే సాగుతూ, రబ్బరులా, పచ్చగా ఉంటే అది గుడ్డు ముక్క. దాన్ని చిదపాలని చూడకుండా వడకట్టి తీసేయడమే మంచిది. అలాంటివి రెండు మూడైతే రుచికి లోటేమీ ఉండదు.

పలచటి రేకుల్లా, పొరలు పొరలుగా ఉంటే అది పైన కట్టిన తెట్టు. వేడి క్రీమ్‌ను మూత లేకుండా వదిలితే పైన తేమ ఆరిపోయి, పాల ప్రొటీన్లు పొరకడతాయి. దాన్ని లోపలికి కలిపేస్తే రేకులు మిగులుతాయి. కలపకముందే చూస్తే ఒక చెంచాతో ఎత్తి తీసేయండి. అసలు కట్టకుండా ఉండాలంటే క్లింగ్ ఫిల్మ్‌ను గిన్నె మీద కాకుండా, నేరుగా క్రీమ్‌కే అంటుకునేలా పరవాలి. గిన్నె మీద మూతపెడితే తెట్టు కాస్త తగ్గినా, మూతకు పట్టిన ఆవిరి నీళ్ళై క్రీమ్ మీద పడుతుంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన క్రీమ్‌ను గరిటెతో కదిపితే జెల్లీలా ముక్కలు ముక్కలుగా విరుగుతుంది. ఇది పాడవడం కానే కాదు. పిండి చల్లబడి గడ్డకట్టింది, ఆ గడ్డ పగిలింది. ఒక గిన్నెలో వేసి తీగ కవ్వంతో అర నిమిషం గిలకొడితే నున్నబడుతుంది. పైపింగ్ బ్యాగ్‌లో నింపేముందు ఈ పని తప్పనిసరి. మరీ ఎక్కువసేపు మాత్రం బీటర్‌తో కొట్టకూడదు, గడ్డను ఒకసారి పూర్తిగా చెదరగొడితే తిరిగి అంత గట్టిగా కట్టదు. చల్లటి క్రీమ్‌ను నున్నబరచడానికి మిక్సీ వాడవద్దని చెప్పేదీ ఇందుకే. ఫ్రీజర్‌లో పెట్టడం కూడా వద్దు. కరిగాక కార్న్‌ఫ్లోర్ అల్లిక నీరు వదిలేసి, క్రీమ్ స్పాంజిలా తయారవుతుంది.

రాత్రి గట్టిగా ఉండి, పొద్దున్నకు జారిపోయిన క్రీమ్ సంగతి వేరే. ఊరికే వేడిచేస్తే అది చిక్కబడదు, ఎంజైమ్ తెంపిన పిండి మళ్ళీ అతుక్కోదు. ఇంకో 15 గ్రాముల కార్న్‌ఫ్లోర్ చల్లటి పాలలో కలిపి అందులో పోసి, ఈసారి బుడగలు వచ్చాక రెండు నిమిషాలు పూర్తిగా మరిగించండి. కొత్త పిండి చిక్కబరుస్తుంది, మరుగు ఎంజైమ్‌ను చంపుతుంది. ఎక్లేర్లకు సరిపోతుంది. పండ్ల టార్ట్ మీద ముక్క కోసినా జారకుండా నిలబడాలంటే మాత్రం కొత్తగా చేసుకోవడమే నయం.

చల్లార్చడం దగ్గర మన ఎండలను మరిచిపోకూడదు. పాలు, గుడ్డు కలిసిన పదార్థంలో 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా చురుగ్గా పెరుగుతుంది. మే నెలలో విజయవాడ వంటిల్లు ఆ హద్దుల్లోనే ఉంటుంది. లోతైన గిన్నెలో ఉంచితే నడిమధ్య వేడి గంటల తరబడి పోదు. అందుకని వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిచి, క్లింగ్ ఫిల్మ్ అంటించి, కింద ఐసు పెట్టి చల్లార్చి, వెంటనే ఫ్రిజ్‌లోకి చేర్చాలి. అక్కడ రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు ఉంటుంది. మిక్సీతో బతికించిన కస్టర్డ్‌కూ ఇదే లెక్క. రెండు గంటలకు మించి బయట ఉండిపోయిన కస్టర్డ్‌ను, క్రీమ్‌ను, అవి ఎంత నున్నగా ఉన్నా, పారబోయండి.